మీకు తెలుసా? బ్యాంకు ఫారంలో చిరునామా గడులు ఎందుకు వేరువేరుగా ఉంటాయి?

ఖాతా తెరిచేటప్పుడు పేరు, పుట్టిన తేదీ దాకా చకచకా నింపేస్తాం. చిరునామా దగ్గరికి వచ్చేసరికి పెన్ను ఆగుతుంది. రెసిడెన్షియల్ అడ్రస్ అంటే సొంతూరు రాయాలా, ఇప్పుడు అద్దెకుంటున్న ఇల్లు రాయాలా? కరెస్పాండెన్స్ అడ్రస్ అన్నా మెయిలింగ్ అడ్రస్ అన్నా ఒకటేనా? రిజిస్టర్డ్ అడ్రస్ మనకూ ఉంటుందా, కంపెనీలకేనా? వెనక క్యూ పెరుగుతుంటే అన్నింట్లో ఒకటే రాసేసి సంతకం పెడతాం. ఈ గడుల్లో ఒక్కోదానికి బ్యాంకు అడిగే రుజువు వేరు, దాని వెనకున్న చట్టం వేరు, తప్పు రాస్తే వచ్చే చిక్కు వేరు. ఆ తేడాలేమిటో ఒక్కొక్కటిగా చూద్దాం.

1. మూడు గడులు అడిగేవి మూడు వేరు ప్రశ్నలని మీకు తెలుసా?

రెసిడెన్షియల్ అడ్రస్ అంటే మీరు కాపురముండే ఇల్లు. బ్యాంకు దృష్టిలో మీరెవరో తేల్చే గుర్తింపులో అదొక భాగం. అందుకే దానికి కాగితం రుజువు కావాలి. మెయిలింగ్ అడ్రస్ అంటే బ్యాంకు పంపే కార్డు, చెక్కు పుస్తకం, ఉత్తరాలు ఏ గుమ్మానికి రావాలో చెప్పే చిరునామా. ఫారాల్లో దీన్నే కరెస్పాండెన్స్ అడ్రస్ అనో, కమ్యూనికేషన్ అడ్రస్ అనో అచ్చు వేస్తారు. రెండూ ఒకటే. రిజిస్టర్డ్ అడ్రస్ అంటే కంపెనీ లాంటి సంస్థ ప్రభుత్వ రికార్డులో తన కార్యాలయంగా నమోదు చేయించుకున్న చోటు. చట్టం ఆ సంస్థను పలకరించాలంటే అక్కడికే వస్తుంది.

బ్యాంకులు, మ్యూచువల్ ఫండ్లు, బీమా సంస్థలు మన కేవైసీ వివరాలను సెంట్రల్ కేవైసీ రిజిస్ట్రీకి పంపుతాయి. ఆ రిజిస్ట్రీ మనకు 14 అంకెల గుర్తింపు సంఖ్య ఇస్తుంది. దాని ఫారం తీసి చూస్తే చిరునామా భాగం రెండు ముక్కలుగా ఉంటుంది. మొదటిదాంట్లో ప్రస్తుత, శాశ్వత లేదా విదేశీ చిరునామా రాయాలి. రెండోది కరెస్పాండెన్స్ లేదా లోకల్ చిరునామా. రెండూ ఒకటే అయితే టిక్ పెట్టడానికి పక్కన చిన్న గడి ఉంటుంది. చాలామంది చదవకుండానే టిక్ పెట్టేది అక్కడే. ఆ టిక్కుతో బ్యాంకు ఉత్తరాలన్నీ రుజువు కాగితంలో ఉన్న చిరునామాకు వెళ్లడం మొదలవుతుంది, మీరు అక్కడ ఉన్నా లేకపోయినా.

అదే ఫారంలో చిరునామా రకం చెప్పమని ఇంకో వరుస ఉంటుంది: నివాసం, వ్యాపారం, రిజిస్టర్డ్ ఆఫీసు. సొంత సేవింగ్స్ ఖాతా తెరిచే మనిషికి అందులో నివాసమే వర్తిస్తుంది. ఇంటి పత్రాలు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ అయ్యాయి కదా అని రిజిస్టర్డ్ ఆఫీసు దగ్గర టిక్ పెట్టకూడదు. ఆ రిజిస్ట్రేషన్‌కూ ఈ గడికీ సంబంధం లేదు.

2. రుజువు ఒక్క చిరునామాకు చాలని రిజర్వ్ బ్యాంక్ 2014లోనే చెప్పిందని మీకు తెలుసా?

ఒకప్పుడు ఉద్యోగం మీద కొత్త ఊరు వెళ్లినవాళ్లకు ఖాతా తెరవడం పెద్ద తలనొప్పి. సొంతూరి చిరునామాకు కాగితాలుంటాయి, అక్కడ వాళ్లుండరు. ఉంటున్న అద్దె ఇంటికి కాగితాలుండవు. ఈ చిక్కు తీర్చడానికి రిజర్వ్ బ్యాంక్ 2014 జూన్‌లో బ్యాంకులకు ఆదేశం ఇచ్చింది. శాశ్వత చిరునామాకో, ప్రస్తుత చిరునామాకో ఏదో ఒకదానికి రుజువు ఇస్తే చాలు. రుజువు ఇచ్చిన చోట ఖాతాదారు ఉండకపోతే, ఉంటున్న చోటు ఫలానా అని రాసిచ్చిన ప్రకటనను బ్యాంకు తీసుకోవచ్చు. ఉత్తరాలు ఆ రెండో చిరునామాకే వెళతాయి. దానికి రుజువు పత్రం అక్కర్లేదు.

మరి ఆ చిరునామా నిజమని బ్యాంకుకు ఎలా తెలుస్తుంది? అక్కడికి పంపిన ఉత్తరమో, చెక్కు పుస్తకమో, ఏటీఎం కార్డో అందుకున్నట్టు సంతకం తిరిగి రావడం ఒక దారి. ఫోన్ చేసి మాట్లాడటం, మనిషిని పంపి చూసుకోవడం మిగతా దారులు. బ్యాంకు వాళ్లు దీన్ని పాజిటివ్ కన్ఫర్మేషన్ అంటారు. ఈ సంగతి తెలిస్తే మొదటి కార్డు కొరియర్‌లో వచ్చినప్పుడు ఇంట్లో ఉండి తీసుకోవడం ఎందుకు ముఖ్యమో అర్థమవుతుంది. మీరు రాసిన చిరునామాకు అదే తొలి పరీక్ష. తలుపు తాళం వేసి ఉందని కవరు వెనక్కి పోతే, మీ ప్రకటన మీద బ్యాంకుకు అనుమానం మొదలయ్యేది అక్కడే.

ఇప్పుడు అమల్లో ఉన్న కేవైసీ నిబంధనల్లోనూ ఇదే ధోరణి కనిపిస్తుంది. ఆధార్ ద్వారా గుర్తింపు పూర్తి చేసుకున్న వ్యక్తి, ఆధార్‌లో ఉన్నది కాక వేరే చోట నివసిస్తుంటే, ఆ సంగతి సొంతంగా రాసిస్తే సరిపోతుంది.

3. పాన్ కార్డు చిరునామా రుజువు కాదని, ఎందుకు కాదో మీకు తెలుసా?

పాన్ కార్డు తిప్పి చూడండి. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, సంతకం ఉంటాయి. మీ చిరునామా ఎక్కడా ఉండదు. ఆదాయపు పన్ను పనికి బ్యాంకు దాన్ని అడుగుతుంది తప్ప మీరెక్కడ ఉంటారో దాంతో తేలదు.

చిరునామాకు పనికొచ్చే అధికారిక పత్రాలుగా నిబంధనలు గుర్తించినవి ఆరు: పాస్‌పోర్టు, డ్రైవింగ్ లైసెన్సు, ఆధార్, ఓటరు కార్డు, రాష్ట్ర ప్రభుత్వ అధికారి సంతకమున్న ఉపాధి హామీ జాబ్ కార్డు, జాతీయ జనాభా రిజిస్టర్ జారీ చేసిన లేఖ. వీటిలో ఉన్న చిరునామా పాతదైతే, తాత్కాలికంగా కొన్ని కాగితాలను చిరునామా వరకు ఒప్పుకుంటారు. రెండు నెలలు దాటని కరెంటు, నీటి, పైపు గ్యాస్, టెలిఫోన్ లేదా పోస్ట్‌పెయిడ్ మొబైల్ బిల్లు వాటిలో ఒకటి. ఆస్తి పన్ను రసీదు, చిరునామా ఉన్న ప్రభుత్వ పెన్షన్ పత్రం, ప్రభుత్వమో, ప్రభుత్వ రంగ సంస్థో, లిస్టెడ్ కంపెనీయో ఇచ్చిన క్వార్టర్ కేటాయింపు లేఖ కూడా చెల్లుతాయి.

ఇక్కడ చాలామంది గమనించని షరతు ఒకటి ఉంది. బిల్లుతో పని అయిపోయిందనుకోకూడదు. అది ఇచ్చిన మూడు నెలల్లోగా కొత్త చిరునామా ఎక్కిన అధికారిక పత్రం ఒకటి బ్యాంకుకు అందజేయాలి. బిల్లు ఇచ్చేది ఆ గడువు కోసమే.

ఇంకో సంగతి. ఇంటి ఓనరుతో మనం రాసుకున్న మామూలు అద్దె ఒప్పందం ఈ జాబితాలో లేదు. కరెంటు బిల్లేమో ఓనరు పేరు మీద వస్తుంది. అద్దెకుండేవాళ్లు కౌంటర్ దగ్గర ఇరుక్కునేది ఈ రెంటి మధ్యే. వీళ్లకు దగ్గరి దారి ఆధార్‌లో చిరునామా మార్పించుకోవడం. ఆధార్ సంస్థ అద్దె ఒప్పందాన్ని చిరునామా రుజువుగా తీసుకుంటుంది. కుటుంబ పెద్ద ఆధార్‌లో కొత్త చిరునామా ఉంటే, ఆయన సమ్మతితో మిగతా వాళ్ల చిరునామా మార్చుకునే వీలు 2023 నుంచి ఉంది. ఆన్‌లైన్‌లో అర్జీ పెట్టాక 30 రోజుల్లోగా కుటుంబ పెద్ద ఒప్పుకోవాలి. అలా మారిన ఆధార్‌ను బ్యాంకు కాదనడానికి వీల్లేదు, అది ఆరింటిలో ఒకటి కాబట్టి.

4. నరసరావుపేట ఆధార్‌తో కూకట్‌పల్లిలో ఖాతా తెరిస్తే ఏ గడిలో ఏం రాయాలో తెలుసా?

పల్నాడు జిల్లా నరసరావుపేట అమ్మాయికి హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చిందనుకుందాం. ఆధార్‌లో నాన్నగారి ఇల్లుంది, పిన్‌కోడ్ 522601. కూకట్‌పల్లిలో ముగ్గురు స్నేహితురాళ్లతో కలిసి ఫ్లాట్ అద్దెకు తీసుకుంది, పిన్‌కోడ్ 500072. అద్దె ఒప్పందం వేరే అమ్మాయి పేరు మీద ఉంది, కరెంటు బిల్లు ఓనరు పేరు మీద ఉంది. జీతం పడటానికి ఖాతా కావాలి.

ఈమె మొదటి గడిలో నరసరావుపేట ఇంటి చిరునామా, ఆధార్‌లో ఉన్నది ఉన్నట్టుగా రాయాలి. ఇంటి నంబరులో గీతలు, వీధి పేరు, పిన్‌కోడ్ తేడా రాకూడదు. రుజువుగా ఆధార్ అని పేర్కొనాలి. రెండో గడిలో టిక్ పెట్టకుండా కూకట్‌పల్లి ఫ్లాట్ చిరునామా రాయాలి. ఫ్లాట్ నంబరు, అపార్ట్‌మెంట్ పేరు, దగ్గరి గుర్తు, పిన్‌కోడ్ అన్నీ ఉండాలి. అక్కడే తాను నివసిస్తున్నట్టు బ్యాంకు ఇచ్చే ప్రకటన మీద సంతకం చేయాలి. చిరునామా రకం దగ్గర నివాసం అని టిక్ పెట్టాలి.

ఫోన్‌లో యాప్ ద్వారా ఖాతా తెరిచినా ఇదే లెక్క. ఆధార్ నుంచి వచ్చిన చిరునామా తెర మీద దానంతటదే నిండి ఉంటుంది. కింద, ఉత్తరాలకు కూడా ఇదే చిరునామానా అని అడిగే చోట కాదని చెప్పి కొత్తది టైప్ చేయాలి. తొందరలో అవునని నొక్కితే కార్డు నరసరావుపేట వెళుతుంది. అక్కడ నాన్నగారు తీసుకుంటే సరే. ఇల్లు తాళం వేసి ఉంటే కవరు తిరిగి బ్యాంకుకు పోతుంది. కార్డు పంపించామని మెసేజ్ వచ్చి వారం దాటినా అందలేదంటే, ముందుగా ఆ మెసేజ్‌లోని ట్రాకింగ్ నంబరు వేసి ఏ పిన్‌కోడ్‌కు బయల్దేరిందో చూడాలి. కార్డు పోయిందా, తప్పు గడి వల్ల ఊరికి వెళ్లిందా అన్నది అక్కడే తేలుతుంది.

ఏడాది తర్వాత ఆమె మియాపూర్ మారిందనుకోండి. మారాల్సింది రెండో గడి ఒక్కటే. నరసరావుపేట చిరునామాను కదిలించాల్సిన పని లేదు. పెళ్లై, సొంత ఫ్లాట్ కొనుక్కుని, ఆధార్‌లో ఆ చిరునామా ఎక్కించుకున్న రోజున మొదటి గడి కూడా మారాలి. కేవైసీకి ఇచ్చిన పత్రంలో ఏదైనా మారితే 30 రోజుల్లోగా బ్యాంకుకు తెలపాలన్నది నిబంధన. ఆధార్ మారింది కదా, బ్యాంకులో దానంతటదే మారిపోతుందని అనుకుంటారు చాలామంది. అలా మారదు, మనం చెప్పుకోవాల్సిందే.

5. కస్టమర్ కేర్ అనే రిజిస్టర్డ్ అడ్రస్, కంపెనీ రిజిస్టర్డ్ అడ్రస్ వేరని మీకు తెలుసా?

మీ కార్డును మీ రిజిస్టర్డ్ అడ్రస్‌కు పంపించామండీ అని కస్టమర్ కేర్‌లో అంటారు. వాళ్ల ఉద్దేశం బ్యాంకు రికార్డులో మీ పేరు మీద నమోదైన చిరునామా అని. మామూలుగా అది మెయిలింగ్ గడిలో ఉన్నదే. రిజిస్టర్డ్ మొబైల్ నంబరు అన్నట్టే ఇదీ ఒక వాడుక. దీనికి వేరే చట్టబద్ధమైన హోదా ఏమీ లేదు. ఆ మాట విన్నప్పుడు అది ఏ ఊరు, ఏ పిన్‌కోడ్ అని అడిగి కనుక్కోవడం మంచిది.

అదే ఒక ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ కరెంట్ ఖాతా ఫారంలో రిజిస్టర్డ్ అడ్రస్ అని ఉంటే, అది కంపెనీల రిజిస్ట్రార్ దగ్గర నమోదైన కార్యాలయం. లిమిటెడ్ లయబిలిటీ భాగస్వామ్య సంస్థలకూ 2008 నాటి వాటి చట్టం కింద ఇలాంటి కార్యాలయం ఉండాలి.

మరి సొంతంగా కిరాణా కొట్టో, టైలరింగ్ షాపో నడుపుకునేవాళ్ల సంగతి? వాళ్లకు ఇలాంటి రిజిస్టర్డ్ ఆఫీసు ఉండదు. చట్టం దృష్టిలో కొట్టు వేరు, యజమాని వేరు కాదు. కొట్టు పేరు మీద కరెంట్ ఖాతా తెరిచేటప్పుడు యజమాని ఇంటి చిరునామాకు ఆధార్ లాంటి పత్రం ఇస్తారు. కొట్టు నడుస్తోందనడానికి వేరే పత్రాలు రెండు ఇస్తారు. ఉద్యమ్ సర్టిఫికెట్, షాపుల చట్టం కింద మున్సిపాలిటీ ఇచ్చిన లైసెన్సు, జీఎస్టీ రిజిస్ట్రేషన్ లాంటివి వాటిలో ఉంటాయి. కొట్టు ఉన్న చోటును వ్యాపార చిరునామా గడిలో రాయాలి. ఫారంలో రిజిస్టర్డ్ ఆఫీసు గడి ఉంటే వర్తించదని రాసి వదిలేయాలి. ఖాళీ ఉంది కదా అని ఇంటి చిరునామా రాస్తే, కొట్టుకు ఏదో సంస్థ రిజిస్ట్రేషన్ ఉందనుకుని బ్యాంకు వాళ్లు దాని పత్రం అడుగుతారు. లేని పత్రం కోసం దరఖాస్తు ఆగిపోతుంది.

6. కంపెనీ బోర్డు మీద తెలుగు ఉండాలని కంపెనీల చట్టమే చెబుతోందని మీకు తెలుసా?

2013 నాటి కంపెనీల చట్టంలో 12వ సెక్షన్ మొత్తం రిజిస్టర్డ్ ఆఫీసు గురించే. కంపెనీ ఏర్పడిన 30 రోజుల్లోగా అలాంటి కార్యాలయం ఒకటి ఉండాలి, ఆ తర్వాత ఎప్పుడూ ఉండాలి. తనకు వచ్చే నోటీసులు తీసుకుని, అందినట్టు సంతకం పెట్టగల చోటుగా అది ఉండాలి. అంటే అక్కడ మనిషుండాలి. ఇల్లైనా సరే, ఒక గదైనా సరే. పని అక్కడే జరగాలని లేదు. ఫ్యాక్టరీ జీడిమెట్లలో ఉండి, రిజిస్టర్డ్ ఆఫీసు అబిడ్స్‌లో ఉన్నా తప్పు లేదు.

కంపెనీ పేరు, రిజిస్టర్డ్ ఆఫీసు చిరునామా రాసిన బోర్డు వ్యాపారం చేసే ప్రతి చోటా బయట కనిపించేలా ఉండాలి. ఆ అక్షరాలు స్థానికంగా వాడే భాషవి కాకపోతే, ఆ భాష లిపిలో కూడా రాయాలి. అందువల్ల విజయవాడలోనో, వరంగల్‌లోనో ఇంగ్లీషు బోర్డు ఒక్కటే పెడితే ఆ సెక్షన్ పాటించినట్టు కాదు. తెలుగులోనూ ఉండాలి. కంపెనీ లెటర్‌హెడ్ల మీద, బిల్లుల మీద కూడా రిజిస్టర్డ్ ఆఫీసు చిరునామా అచ్చు వేయాలి.

రికార్డులో ఉన్న చోట కంపెనీ నిజంగా ఉందా లేదా అని రిజిస్ట్రార్ మనుషుల్ని పంపి చూసుకోవచ్చు. 2019లో చాలా కంపెనీల చేత రిజిస్టర్డ్ ఆఫీసు బయటి ఫోటో, లోపల డైరెక్టర్ ఒకరు ఉన్న ఫోటో కూడా దాఖలు చేయించారు. ఈ సెక్షన్‌ను పాటించకపోతే రోజుకు 1,000 రూపాయల చొప్పున, లక్ష రూపాయల వరకు కంపెనీకీ, బాధ్యులైన అధికారులకూ జరిమానా పడుతుంది. ఆ చోట కంపెనీ లేనే లేదని తేలితే రిజిస్టర్ నుంచి పేరు కొట్టేసే ప్రక్రియ కూడా మొదలు కావచ్చు.

బ్యాంకు కూడా ఈ తేడాను గుర్తిస్తుంది. కంపెనీ ఖాతాకు కేవైసీ చేసేటప్పుడు రిజిస్టర్డ్ ఆఫీసు వివరం తీసుకుంటుంది. అసలు వ్యాపారం ప్రధానంగా జరిగే చోటు వేరైతే అది కూడా విడిగా రాయించుకుంటుంది. ఖాతా నడిపే డైరెక్టర్ల ఇళ్ల చిరునామాలకు వాళ్ల వాళ్ల ఆధారో, పాస్‌పోర్టో ఇవ్వాలి. అంటే ఒకే ఫైలులో మూడు రకాల చిరునామాలు పక్కపక్కనే ఉంటాయి. ఏదీ ఇంకోదానికి బదులు కాదు.

7. నరసరావుపేట నుంచి హైదరాబాద్‌కు ఆఫీసు మార్చడం ఇప్పుడు రాష్ట్రం దాటడమేనని మీకు తెలుసా?

పైన చెప్పుకున్న అమ్మాయే నాలుగేళ్ల తర్వాత స్నేహితురాలితో కలిసి ఒక ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ పెట్టిందనుకుందాం. నాన్నగారి ఇల్లు సొంతిల్లు, కరెంటు బిల్లు ఆయన పేరు మీదే ఉంది, అభ్యంతరం లేదని ఆయన సంతకం పెడతారు. అందుకని నరసరావుపేట ఇంటినే రిజిస్టర్డ్ ఆఫీసుగా చూపించారు. పని మాత్రం కూకట్‌పల్లిలో. ఆ రోజుకు ఇది సులువైన దారి. నోటీసు తీసుకునేందుకు ఇంట్లో పెద్దవాళ్లున్నారు కూడా.

చిక్కు తర్వాత వస్తుంది. రెండేళ్లకు రిజిస్టర్డ్ ఆఫీసును కూడా హైదరాబాద్‌కు తెచ్చుకుందామనుకున్నారు. కంపెనీ మెమోరాండంలో రిజిస్టర్డ్ ఆఫీసు ఏ రాష్ట్రంలో ఉందో రాసి ఉంటుంది. ఇంటి నంబరు అక్కర్లేదు గానీ రాష్ట్రం పేరు తప్పదు. నరసరావుపేట ఆంధ్రప్రదేశ్, కూకట్‌పల్లి తెలంగాణ. కాబట్టి మెమోరాండమే మారాలి. దానికి వాటాదారుల ప్రత్యేక తీర్మానం కావాలి. పత్రికల్లో ప్రకటన ఇవ్వాలి, ఒకటి స్థానిక భాషలో, ఒకటి ఇంగ్లీషులో. అప్పులిచ్చినవాళ్ల జాబితా జత చేయాలి. ఆ పైన కేంద్ర ప్రభుత్వం తరఫున రీజినల్ డైరెక్టర్ అనుమతి రావాలి. ఫైలు విజయవాడలోని రిజిస్ట్రార్ నుంచి హైదరాబాద్ రిజిస్ట్రార్‌కు బదిలీ కావాలి.

మొదట్లోనే కూకట్‌పల్లి ఫ్లాటును చూపించి, తర్వాత మాదాపూర్‌కు మారి ఉంటే? రెండూ హైదరాబాద్ నగరంలోనే ఉన్నాయి కాబట్టి డైరెక్టర్ల బోర్డు తీర్మానం, 30 రోజుల్లోగా ఐఎన్‌సీ-22 అనే ఫారం సరిపోయేవి. దానికి జత చేయాల్సింది అద్దె ఒప్పందం, ఓనరు సమ్మతి, రెండు నెలలు దాటని బిల్లు. ఇక్కడ బిల్లు ఓనరు పేరు మీద ఉన్నా పనికొస్తుంది. వ్యక్తి కేవైసీలో చెల్లని కాగితం కంపెనీ రిజిస్టర్డ్ ఆఫీసుకు చెల్లుతుందన్న మాట. అందుకే కంపెనీ పెట్టేవాళ్లు ఏ ఇల్లు సులువని చూసే ముందు, కంపెనీ ఏ రాష్ట్రంలో నడుస్తుందో ఆలోచించుకోవాలి.

8. మీరు విప్పని ఉత్తరం కూడా మీకు అందినట్టే లెక్క కావచ్చని మీకు తెలుసా?

మెయిలింగ్ గడికి రుజువు అక్కర్లేదు కదా అని దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం 27వ సెక్షన్ ప్రకారం, సరైన చిరునామా రాసి, సరిపడా స్టాంపులతో రిజిస్టర్ పోస్టులో వేసిన ఉత్తరం మామూలుగా చేరాల్సిన సమయానికి చేరినట్టు భావిస్తారు. చేరలేదని నిరూపించాల్సిన భారం అవతలి వాళ్ల మీద పడుతుంది.

చెక్కు బౌన్సు కేసుల్లో ఇది బాగా కనిపిస్తుంది. చెక్కు తిరిగొచ్చిందని తెలిసిన 30 రోజుల్లోగా నోటీసు ఇవ్వాలి. అది అందాక డబ్బు కట్టడానికి 15 రోజుల గడువు ఉంటుంది. నోటీసు అందలేదని చెప్పి తప్పించుకునేవాళ్ల విషయంలో సుప్రీంకోర్టు 2007లో అలవి హాజీ కేసులో స్పష్టత ఇచ్చింది. సరైన చిరునామాకు పంపిన నోటీసు అందినట్టే భావించవచ్చు. నిజంగా అందనివాళ్లకు కోర్టు సమన్లు అందిన 15 రోజుల్లోగా డబ్బు కట్టే అవకాశం ఉంది. ఆ పని చేయనివాళ్లు నోటీసు రాలేదని వాదించడానికి వీల్లేదు.

ఇంటి రుణం వాయిదాలు ఆగితే బ్యాంకు ఇచ్చే 60 రోజుల నోటీసు కూడా ఇలా చిరునామా వెతుక్కుంటూ వచ్చేదే. ఇల్లు మారి, బ్యాంకుకు చెప్పక, పాత గుమ్మానికి అంటించిన నోటీసు చూడనివాళ్లకు ఆ 60 రోజులూ తెలియకుండానే గడిచిపోతాయి. కంపెనీ విషయంలో అయితే చట్టం సూటిగా చెబుతుంది: రిజిస్టర్డ్ ఆఫీసుకు పంపితే కంపెనీకి పంపినట్టే. కాబట్టి పని చేసే ఆఫీసు ఎంత పెద్దదైనా, రికార్డులో ఉన్న ఆ చిన్న గదికి వచ్చే టపాను రోజూ ఎవరో ఒకరు చూడాలి.

9. అమ్మగారి ఉత్తరాలు డాలస్‌కు మళ్లిస్తే బ్యాంకు పన్ను ప్రశ్నలు అడగవచ్చని మీకు తెలుసా?

తెనాలిలో ఉండే అమ్మగారు కూతురి దగ్గరికి ఆరు నెలలు డాలస్ వెళ్లారు. బ్యాంకు ఉత్తరాలు ఇక్కడ పేరుకుపోతాయని కూతురు మెయిలింగ్ గడిలో డాలస్ చిరునామా పెట్టించింది. కొన్నాళ్లకు బ్యాంకు నుంచి లేఖ వచ్చింది: మీరు ఏ దేశంలో పన్ను చెల్లించే నివాసి అన్నది రాసివ్వండి, తగిన పత్రం జత చేయండి అని. ఇలాంటి ఉత్తరం చూసి కంగారు పడేవాళ్లు చాలామంది.

ఇది ఎందుకు వస్తుందంటే, ఖాతాల సమాచారం ఇచ్చిపుచ్చుకోవడానికి భారత్, అమెరికా మధ్య ఒప్పందం 2015 ఆగస్టు 31 నుంచి అమల్లో ఉంది. దానికోసం మన ఆదాయపు పన్ను నిబంధనల్లో చేర్చిన గుర్తుల జాబితాలో అమెరికా నివాస చిరునామాతో పాటు అమెరికా మెయిలింగ్ చిరునామా కూడా ఉంది. పోస్టు బాక్సు అయినా సరే లెక్కలోకి వస్తుంది. అది అమ్మగారిని అమెరికా పన్ను నివాసిగా మార్చదు. ఉత్తరాలు ఎక్కడికొస్తున్నాయన్న దాన్ని బట్టి పన్ను నివాసం తేలదు. కానీ బ్యాంకు అడిగి తెలుసుకోవాల్సిన పరిస్థితి వస్తుంది. సొంత ప్రకటన, భారతీయ నివాసిగా చూపే పత్రం ఇస్తే సమస్య తీరుతుంది. చుట్టపుచూపుగా వెళ్లినప్పుడు మెయిలింగ్ గడిని తెనాలిలోనే ఉంచి, స్టేట్‌మెంట్లు ఈమెయిల్‌కు తెప్పించుకుంటే ఆ ఉత్తరమే రాదు.

ఉద్యోగం మీద వెళ్లి అక్కడ స్థిరపడిన కూతురి సంగతి వేరు. ఆమె విదేశీ నివాసాన్ని మొదటి గడిలో చెప్పాలి, ఇక్కడి మామూలు సేవింగ్స్ ఖాతాను ఎన్‌ఆర్‌ఓ ఖాతాగా మార్పించుకోవాలి. ఉత్తరాలు తెనాలి ఇంటికి రావాలనుకుంటే రెండో గడిలో ఆ చిరునామా రాసుకోవచ్చు.

10. చిరునామా మార్చమని రాసిచ్చాక, ఏ గడి మారిందో చూసుకోవాలని మీకు తెలుసా?

కేవైసీని బ్యాంకులు ఎప్పటికప్పుడు సరిచూస్తాయి. రిస్కు ఎక్కువున్న ఖాతాలకు రెండేళ్లకోసారి, మధ్యస్థమైతే 8 ఏళ్లకోసారి, తక్కువైతే 10 ఏళ్లకోసారి. అప్పుడు చిరునామా ఒక్కటే మారి ఉంటే కొత్తది సొంత ప్రకటనగా ఇస్తే చాలు. బ్యాంకులో నమోదైన మొబైల్ నుంచో, ఈమెయిల్ నుంచో, ఏటీఎంలోనో, యాప్‌లోనో, ఉత్తరం ద్వారానో పంపవచ్చు. బ్యాంకు రెండు నెలల్లోగా ఆ చిరునామాను సరిచూసుకుంటుంది. మధ్యలో ఉత్తరమో, మనిషో వస్తే తప్పక స్పందించాలి.

కేవైసీ ఆగిపోతుందని భయపెడుతూ లింకులు, యాప్ ఫైళ్లు పంపే మోసగాళ్లు ఇదే మాటను వాడుకుంటున్నారు. లింకు తెరవకుండా, బ్యాంకు సొంత యాప్‌లోనో, శాఖలోనో పని చేయించుకోవాలి.

అర్జీలో చిరునామా మార్చండి అని మాత్రమే రాస్తే, కౌంటర్‌లో ఉన్నవాళ్లు తమకు తోచిన గడిని మారుస్తారు. అందుకే ఏ గడో రాయండి: కరెస్పాండెన్స్ చిరునామా మాత్రమే మార్చండి, శాశ్వత చిరునామా అలాగే ఉంచండి అనో, రెండూ మార్చండి అనో. నకలు మీద బ్యాంకు ముద్ర వేయించుకోండి. వారం తర్వాత యాప్‌లో ప్రొఫైల్ తెరిచి రెండు చిరునామాలూ విడివిడిగా చదవండి, పిన్‌కోడ్‌తో సహా. రెండో గడి మారి, మొదటిది ఆధార్‌తో సరిపోతుంటే పని సరిగ్గా జరిగినట్టు. రెండింట్లోనూ కొత్త అద్దె ఇల్లే కనిపిస్తుంటే, మీ దగ్గర రుజువు లేని చిరునామా రుజువు కావాల్సిన గడిలో చేరిందని అర్థం. తర్వాతి కేవైసీ దాకా ఆగకుండా ఆ వారమే సరిచేయించుకోవాలి.